తాలింపు, టెంపరింగ్ ఒకటేనా? పోపు గరిటె నుంచి కోనసముద్రం కొలిమి దాకా

ఈ ఎపిసోడ్ మన ఆర్మూర్ నుంచే. చుట్టూ పసుపు చేన్లు ఉన్న ఊళ్లో కూర్చొని వంటింటి మాటల చరిత్ర మాట్లాడుకుందాం. తాలింపును ఇంగ్లీషులో టెంపరింగ్ అంటున్నాం, వేపుడును ఫ్రై అంటున్నాం. ఈ జతలు నిజంగా కుదిరినయా? కుదరకపోతే మనకు పోయేది ఏంటి? ఇదే ఇవాళ్టి విషయం.

ముందు పసుపుతోనే మొదలుపెడదాం, ఎందుకంటే ఈ గొడవ మొత్తం అందులో చిన్న రూపంలో కనిపిస్తుంది. చేన్లో పసుపు తవ్వినాక రైతు ఏం చేస్తడు? కొమ్ములు, మండలు వేరు చేసి, నీళ్లలో ఉడకబెట్టి, కల్లంలో ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి పాలిష్ చేస్తడు. మన మాట "ఉడకబెట్టుడు". ఇదే పనికి ఇంగ్లీషు పుస్తకాల్లో, వ్యాపార కాగితాల మీద ఉండే మాట "క్యూరింగ్". డిక్షనరీలో క్యూరింగ్ వెతికితే రోగం నయం చేయడం, మాంసానికి ఉప్పు పట్టించడం, సిమెంటు గోడకు నీళ్లు పట్టడం, ఇవన్నీ వస్తయి. ఉడకబెట్టుడు మాత్రం వెంటనే కనిపించదు.

మరి ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు. మన మాట చేతితో చేసే పనిని చెప్తుంది. నీళ్లు, మంట, ఉడుకు. ఇంగ్లీషు మాట ఆ పని ఎందుకు చేస్తున్నామో చెప్తుంది. సరుకు పాడవకుండా నిలవ ఉండేటట్టు తయారు చేయడం అని దాని అర్థం. ఉడకబెడితే పచ్చి వాసన పోతుంది, లోపలి పిండి పదార్థం మెత్తబడి మళ్లీ గట్టిపడుతుంది, రంగు కొమ్ము అంతటా సమానంగా పాకుతుంది, ఎండడానికి తక్కువ రోజులు పడుతుంది. రెండు మాటలూ నిజమే చెప్తున్నయి, కానీ చెరో సగం.

ఇప్పుడు ఒక కుర్రాడు పసుపు చేయడం కొత్తగా నేర్చుకుంటున్నాడు అనుకోండి. వాడికి "క్యూర్ చెయ్యి" అని ఒక్క మాట చెప్తే ఏం తెలుస్తుంది? ఏమీ తెలియదు. "ఉడకబెట్టు" అంటే సగం తెలుస్తుంది. మిగతా సగం ఎప్పుడు ఆపాలి అనేది. నీళ్ల మీద నురుగు వచ్చి, తెల్లటి ఆవిరితో పాటు పసుపు వాసన గుప్పున లేస్తుంది. మామూలుగా నీళ్లలో ఉడికిస్తే అది ముప్పావు గంట నుంచి గంట లోపల వస్తుంది. ఒక కొమ్ము తీసి వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా అనాలి, సన్నపుల్ల గుచ్చితే లోపలికి దిగాలి. తక్కువ ఉడికితే ఎండినాక కొమ్ము సరిగ్గా ఉండదు, ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది. ఈ గుర్తులు ఏ భాష మాటలోనూ లేవు. చేసేవాళ్ల దగ్గర ఉన్నయి. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, తాలింపు దగ్గర మళ్లీ పనికొస్తది.

సరే, తాలింపు. ముందు మన దగ్గర దీనికి ఎన్ని పేర్లున్నయో చూద్దాం. తాలింపు అంటాం, పోపు అంటాం, కొన్ని జిల్లాల్లో తిరగమోత, తిరగబోత అంటారు. హైదరాబాద్ దిక్కు బగార అనే మాట ఉంది. ఒక్క పనికి నాలుగు పేర్లు. నాలుగూ నాలుగు కథలు.

తాలింపు పాత ద్రావిడ మాట. తమిళంలో దీని తోబుట్టువు ఇప్పటికీ ఉంది, వాళ్లు తాళిప్పు అంటారు. అంటే తెలుగు, తమిళం రెండూ పంచుకున్న ఆస్తి ఇది. ఈ పని ఎంత పాతదో తెలియాలంటే సంగం కాలపు తమిళ సంకలనం కురుంతొగై చూడాలి. అందులో 167వ పద్యంలో కొత్తగా కాపురం పెట్టిన అమ్మాయి ముద్ద పెరుగు పిసికి, మొగుడికి పులుపు కూర వండుతుంది. పోపు పొగ ఆమె కళ్లల్లోకి కమ్ముకుంటుంది. ఆ పద్యంలో పోపుకు వాడిన మాట వేరు, తాళిప్పు కాదు. కానీ పని మాత్రం ఇదే. దాదాపు రెండు వేల ఏళ్ల కింద ఒక వంటింట్లో పోపు పొగకు కళ్లు మండినయి అన్నమాట.

ఆ పోపులో మాత్రం ఎండుమిర్చి లేదు. మిరపకాయ అమెరికా ఖండం నుంచి వచ్చింది. 1498లో పోర్చుగీసువాళ్లు కాలికట్ చేరినాక, ఆ తర్వాతి శతాబ్దంలో మన దేశంలోకి పాకింది. అంతకుముందు కారం అంటే మిరియాలే. కొత్త కాయ వచ్చినప్పుడు మనవాళ్లు పాత మిరియం పేరు నుంచే దానికి మిరప అని పేరు పెట్టుకున్నారు. అంటే తాలింపులో సరుకు మారింది, పని మారలేదు.

తిరగబోత అనే పేరు ఇంకా బాగుంటుంది. తిరగ అంటే మళ్లీ. పోత అంటే పోయడం. వంట అయిపోయినాక మళ్లీ పోసేది తిరగబోత. అంటే ఆ పేరులోనే టైమింగ్ ఉంది. పప్పు ఉడికింది, చారు మరిగింది, ఇప్పుడు పైనుంచి పోయాలి. మనం కూర మొదట్లో నూనెలో ఆవాలు వేసినా పోపే అంటాం, చారు చివర్లో వేసినా పోపే అంటాం. కానీ తిరగబోత అన్నప్పుడు ఆ చివరిదే కళ్ల ముందు మెదుల్తుంది.

ఇక బగార. ఇది ఉర్దూ, హిందీల్లోని బఘార్. మన ఆర్మూర్ 1948 దాకా నిజాం రాజ్యంలో ఉంది, ఆఫీసు భాష ఉర్దూ. అందుకే మన పెళ్లిళ్లల్లో బగారన్నం ఉంటుంది, హైదరాబాద్‌లో బగారా బైంగన్ ఉంటుంది. తమాషా ఏంటంటే, బఘార్ అంటే అసలు అర్థం తాలింపు. మన నోట్లో పడినాక అది పని పేరు కాకుండా అన్నం పేరైపోయింది. "బగార వేసినవా?" అని పప్పు గురించి మన ఇళ్లల్లో ఎవరూ అడగరు. "బగార వండిన్రా?" అని అడుగుతరు. ఒక భాష మాట ఇంకో భాషలోకి దిగినప్పుడు అర్థం ఎట్లా జరుగుతదో చూడండి.

ఇప్పుడు ఐదో పేరు, టెంపరింగ్. ఇది లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ టెంపరారె అంటే సరైన పాళ్లలో కలపడం, అతి లేకుండా చేయడం. అందుకే ఇంగ్లీషులో ఈ మాట ఎక్కడికి పోయినా దాని వెనుక "అదుపులోకి తేవడం" అనే అర్థం నడుస్తుంది. కుండ చేసే మట్టిని నీళ్లతో తగినంత కలిపితే టెంపర్. మనిషి స్వభావం టెంపర్. గుడ్ల సొనలో వేడి పాలు కొద్దికొద్దిగా పోస్తూ సొన విరగకుండా చూసుకుంటే అదీ టెంపరింగ్. చాక్లెట్‌ను కరిగించి, చల్లార్చి, మళ్లీ కొంచెం వేడి చేసి, డార్క్ చాక్లెట్ అయితే 31, 32 డిగ్రీల దగ్గర పట్టుకుంటే గట్టిపడినాక మెరుస్తుంది, విరిస్తే టక్కుమంటుంది. అది కూడా టెంపరింగే. మీరు ఫోన్‌లో ఈ మాట కొడితే చాక్లెట్ వీడియోలు వచ్చేది అందుకే.

అన్నిటికంటే పేరున్నది ఇనుము టెంపరింగ్. ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారి నీళ్లలోనో నూనెలోనో ముంచితే బాగా గట్టిపడుతుంది. కానీ పెళుసవుతుంది, దెబ్బ తగిలితే గాజులాగ పగుల్తుంది. దాన్ని మళ్లీ తక్కువ వేడి మీద కాస్తే ఆ పెళుసుతనం తగ్గుతుంది. కొంచెం గట్టితనం వదులుకొని బలం తెచ్చుకోవడం అన్నమాట. ఆ రెండోసారి కాచడమే టెంపరింగ్.

ఇక్కడ మన జిల్లా కథ ఒకటి చెప్పాలి. ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి రోడ్డు పట్టుకొని పోతే కమ్మర్‌పల్లి వస్తుంది. ఇప్పుడు అక్కడ పసుపు పరిశోధన కేంద్రం ఉంది కాబట్టి రైతులందరికీ తెలిసిన ఊరే. ఆ మండలంలోనే కోనసముద్రం ఉంది. ఒకప్పుడు ఆ ఊరి ఉక్కు కోసం ఇరాన్ నుంచి వ్యాపారులు వచ్చి కూర్చునేవాళ్లు. చిన్న మట్టి మూసల్లో ఇనుము కరిగించి తీసే ఆ ఉక్కు ముద్దలను ఇంగ్లీషువాళ్లు వూట్జ్ అన్నారు. హెన్రీ వాయ్సీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి ఆ పద్ధతి చూసి రాసుకున్నాడు. ఆయన చనిపోయినాక ఆ వివరం 1832లో అచ్చయింది. ఇక్కడి ఉక్కు ముద్దలు పశ్చిమాసియా చేరి, అక్కడి కమ్మర్ల చేతుల్లో సాగి, కత్తులయినయి. అంటే ఇంగ్లీషు భాష టెంపరింగ్ అని పిలుచుకునే ఆ ఉక్కు లోకానికి ఈ మట్టి నుంచే సరుకు పోయింది. అదే మట్టి మీద ఇంట్లో పోపు గరిటెలో ఆవాలు చిటపటలాడినయి. ఈ రెండు పనులను ఒకే పేరుతో పిలవచ్చని అప్పుడు కొలిమి దగ్గరివాళ్లకూ పొయ్యి దగ్గరివాళ్లకూ తోచి ఉండదు.

ఎందుకంటే రెండూ నిజంగా ఎదురెదురు పనులు. ఉక్కు టెంపరింగ్ అయినా, చాక్లెట్ టెంపరింగ్ అయినా, గుడ్డు టెంపరింగ్ అయినా, వేడిని బుజ్జగించి మెల్లగా నడిపించే పనులు. తాలింపు అట్లా కాదు. అది ఒక్క క్షణం పట్టే దెబ్బ. నూనె సలసల కాగాలి, ఆవాలు పేలాలి, పప్పు మీద పోస్తే చుయ్యిమనాలి. మెల్లగా చేస్తే తాలింపు చెడిపోతుంది.

అట్లాగని టెంపరింగ్ పూర్తిగా తప్పు మాట అని కూడా నేను అనను. లాటిన్ మూలంలోని ఆ "పాళ్లలో కలపడం" అనే అర్థం తీసుకుంటే అతుకుతుంది. చప్పగా ఉన్న పప్పులో ఒక గరిటెడు పోపు కలిపితే మొత్తం గిన్నె దారికొస్తుంది కదా. కానీ పని నేర్చుకునేవాడికి ఆ మూలం ఎవరు చెప్తరు? వాడికి కనిపించేది ఒక్క వాక్యం. "ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, ఎల్లిపాయ, కరివేపాకు, పసుపుతో టెంపర్ చేయండి" అని. ఆరు సరుకులు ఒకే వరసలో, ఒకే క్రియతో. దాన్ని చదివినవాడు ఆరూ కలిపి నూనెలో వేస్తే ఏమవుతుంది? పసుపు మాడుతుంది, ఎల్లిపాయ నల్లబడుతుంది, ఆవాలు మాత్రం ఇంకా పేలవు.

అందుకని ఒక పప్పు పోపును పూర్తిగా విప్పి చూద్దాం. నలుగురికి సరిపోయే కందిపప్పు మెత్తగా ఉడికి పొయ్యి పక్కన ఉంది అనుకోండి. పోపుకు రెండు పెద్ద చెంచాల నూనె గానీ నెయ్యి గానీ, అర చెంచా ఆవాలు, అర చెంచా జీలకర్ర, రెండు ఎండుమిర్చి, నాలుగైదు ఎల్లిపాయ రెబ్బలు కచ్చాపచ్చాగా దంచినవి, ఒక రెమ్మ కరివేపాకు, చిటికెడు ఇంగువ, పావు చెంచా పసుపు.

ముందు ఒకటి అర్థం చేసుకోవాలి, అసలు పోపు వేరేగా ఎందుకు పెట్టాలి? ఆవాలు, జీలకర్ర పప్పుతోనే ఉడికిస్తే పోదా? పోదు. నీళ్లు ఉన్నంతసేపు గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదు. నూనె అయితే 180 డిగ్రీల దాకా సులభంగా పోతుంది. పోపులో మనం ఇష్టపడే ఆ కమ్మటి వాసన ఆ వేడిలోనే పుడుతుంది. ఇంకోటి, ఆ వాసనలు ఎక్కువగా నూనెలో కరిగేవి, నీళ్లలో కరిగేవి కావు. పసుపు రంగు కూడా అంతే. నూనె వాటిని పట్టుకొని గిన్నె అంతా మోసుకుపోతుంది. కాబట్టి తాలింపు అంటే పెద్ద వంట పక్కన, దానికంటే ఎక్కువ వేడి మీద చేసే ఒక చిన్న వంట.

ఇప్పుడు వరస. నూనె కాగిందో లేదో ఒక్క ఆవగింజ వేసి చూస్తాం. అది అడుగున కదలకుండా పడుకుంటే ఇంకా కాగలేదు. రెండు మూడు సెకన్లకు బుడగలతో తేలి చిట్లితే సరిగ్గా ఉంది. వేసీ వేయగానే నల్లబడితే నూనె మాడుతోంది, మంట తీసి ఆగాలి. ఆవగింజ లోపలి తేమ ఆవిరై పైతోలును పగలగొడుతుంది, మనం వినే చిటపట అదే. ఆవాలు నూరితే ఘాటు వస్తుంది కదా, ఆ ఘాటు పుట్టించే ఎంజైమ్ నూనె వేడికి చచ్చిపోతుంది. అందుకే పోపులో ఆవాలకు ముక్కుకెక్కే ఘాటు ఉండదు, పల్లీ లాంటి కమ్మదనం ఉంటుంది. అదే ఆవపిండి పచ్చిగా కలిపే ఆవకాయలో ఘాటు నిలబడుతుంది. కోస్తా దిక్కు కూరకు "ఆవ పెట్టడం" అనేదీ ఈ ఘాటు కోసమే, ఆ మాటకు ఇంగ్లీషులో జత లేదు. చిట్లని ఆవాలు మాత్రం నోట్లో చేదుగా తగుల్తయి. చిటపట తగ్గుముఖం పట్టేదాకా ఆగడానికి కారణం అది.

అప్పుడు మంట తగ్గించి ఎల్లిపాయ. అంచులు బంగారు రంగుకు రాగానే ఎండుమిర్చి, వెంటనే జీలకర్ర. మిర్చి ముదురు ఎరుపుకు రావాలి, నల్లబడితే దగ్గు, చేదు. తర్వాత కరివేపాకు. ఆకు తడిగా ఉంటే నూనె మొహం మీదికి చిందుతుంది, కాబట్టి ముందే తుడిచి పెట్టుకోవాలి. ఆకు పెళపెళమనడం ఆగగానే పొయ్యి ఆర్పి, ఇంగువ, చివరికి పసుపు. పసుపు మెత్తటి పొడి, పెద్ద మంట మీద క్షణాల్లో మాడి గోధుమ రంగుకు తిరుగుతుంది, పప్పు మొత్తం చేదెక్కుతుంది. అందుకే ఆర్పిన నూనెలో, ఉన్న వేడితోనే వేయాలి. వేసి ఒక్కసారి గరిటె తిప్పి, పప్పు మీద కుమ్మరించి, మూత పెట్టేయాలి. మూత ఎందుకంటే లేచిపోయే వాసనే మనం సంపాదించింది. దాన్ని గిన్నెలోనే ఆపాలి.

చూశారా, ఇందులో మాడే వేగాన్ని బట్టి ఒక క్రమం ఉంది. గట్టి గింజ ముందు, తడి రెబ్బ తర్వాత, మెత్తటి పొడి చివర. మా అమ్మ "పోపు పెట్టు" అన్నప్పుడు ఈ క్రమం మొత్తం ఆ మాటలో ఉన్నట్టే, ఎందుకంటే ఆ మాట విన్న ప్రతిసారీ పని కూడా పక్కనే జరిగింది. టెంపర్ అనే మాట వెంట మనకు ఆ పని రాలేదు. మాట ఒక్కటే వచ్చింది.

ఇప్పుడు వేపుడు. ఇక్కడ కథ తిరగబడుతుంది. తాలింపు దగ్గర ఇంగ్లీషు మాట మన పనికి సరిపోలేదు. వేపుడు దగ్గర మన మాటలనే ఇంగ్లీషు మాట మింగేస్తోంది.

తెలుగులో మూలం వేగు. వస్తువు తనంతట తాను వేడికి వేగుతుంది. మనం చేస్తే వేయించడం, వేపడం. తయారైన వంటకం వేపుడు. మనుషులకూ వాడుతాం, "ఈ పిల్లలతో వేగలేకపోతున్నా" అని. ఈ వేగడంలో నూనె ఉండాలనే నియమం లేదు. పల్లీలు వేయిస్తాం, నువ్వులు వేయిస్తాం, రవ్వ వేయిస్తాం. ఒట్టి మూకుడులో కూడా వేయించడమే, నూనెలో కూడా వేయించడమే. మన దిక్కు నూనెలో ఉల్లిగడ్డ వేసి రంగు మారేదాకా తిప్పడానికి ఇంకో మాట ఉంది, గోలించుడు. వంకాయనో మక్కకంకినో నేరుగా నిప్పుల మీద పెడితే కాల్చుడు. కాగే నూనెలో గారెలు అయితే "వేస్తాం", మురుకులు అయితే "ఒత్తుతాం", సకినాలు అయితే ముందు "చుడతాం". చేతి కదలికే పని పేరు. పసుపు దగ్గర చెప్పుకున్నదే ఇక్కడా కనిపిస్తుంది. తెలుగు చేతి వైపు చూస్తుంది.

ఇంగ్లీషు ఇప్పుడు వస్తువుకూ మంటకూ మధ్య ఏముందో చూసి పేరు పెడుతుంది. ఏమీ లేకపోతే రోస్ట్, కొవ్వు ఉంటే ఫ్రై, కొవ్వులో మునిగితే డీప్ ఫ్రై. కానీ ఫ్రై కూడా పుట్టుకతో ఇట్లా లేదు. దాని లాటిన్ మూలం ఫ్రీగెరె, అక్కడ ఒట్టిగా వేయించినా, నూనెలో వేయించినా అదే మాట. అచ్చం మన వేయించు లాగా. తర్వాత ఇంగ్లీషులో అది కొవ్వు వైపు ఇరుకైపోయింది.

ఇప్పుడు మన వంట వీడియోల్లో వినండి. "పల్లీలు ఫ్రై చేసి పొడి కొట్టుకోండి", "ఉల్లిగడ్డలు ఫ్రై చేయండి", "చికెన్ ఫ్రై చేయండి". మూడు వేరు వేరు పనులు, ఒకటే మాట. అమ్మమ్మ అయితే పల్లీలు వేయించు, ఉల్లిగడ్డ గోలించు, కోడి వేపుడు చెయ్యి అనేది. కొత్తగా గది తీసుకొని వండుకుంటున్న పిల్లగాడు పల్లీల దగ్గర ఫ్రై అని విని నూనె పోస్తే ఆ పొడి పొడిలాగ రాదు, జిడ్డు ముద్ద అవుతుంది, నిలవ కూడా ఉండదు. నువ్వుల పొడి అయినా, కందిపొడి అయినా అంతే.

వేపుడును ఇంగ్లీషులో పెట్టేటప్పుడూ తిప్పలే. బెండకాయ వేపుడు తీసుకోండి. అర కిలో బెండకాయలు కోయకముందే కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు కోయాలి. వెడల్పాటి మూకుడులో మూడు పెద్ద చెంచాల నూనె, మధ్యరకం మంట, మూత వద్దు. కాసేపటికోసారి కింది ముక్కలు మీదికి తిప్పుతూ పావు గంట, ఇరవై నిమిషాలు. మొదట గరిటె లేపితే జిగురు తీగలు సాగుతయి. తీగలు పోయి, అంచులు గోధుమ రంగుకు వచ్చినాక ఉప్పు, కారం. ఉప్పు ముందే వేస్తే ముక్కలోంచి నీళ్లు లాగుతుంది, మూత పెడితే ఆవిరి దిగుతుంది, రెండింటికీ జిగురు పెరిగి వేపుడు కాస్తా కూర అవుతుంది.

దీన్ని డీప్ ఫ్రై అందామా? అంత నూనె లేదు. ఫ్రెంచి నుంచి వచ్చిన సాటే అందామా? అది ఎక్కువ మంట మీద కొద్ది నిమిషాల్లో అయిపోయే పని. స్టర్ ఫ్రై అందామా? అది ఇంకా వేగం.

ఆ స్టర్ ఫ్రై అనే మాటకూ ఒక పుట్టినరోజు ఉంది. చైనా వంటలో ఛావ్ అనే పని ఉంది. పెద్ద మంట మీద, కొద్ది నూనెలో, సన్న ముక్కలను ఆపకుండా తిప్పుతూ వండడం. దానికి ఇంగ్లీషులో మాట లేదు. 1945లో బ్యూవే యాంగ్ చావ్ అనే డాక్టరు అమెరికాలో చైనా వంటల పుస్తకం వేసింది. ఆమె భర్త యుయెన్ రెన్ చావ్ పేరున్న భాషాశాస్త్రవేత్త. ఆ పుస్తకంలోనే స్టర్ ఫ్రై అనే జంట మాట తయారైంది. తిప్పడం ఒకటి, వేయించడం ఒకటి. చేతి పని, మంట పని, రెండూ కలిపి కుట్టారు. ఇప్పుడు ఇంగ్లీషువాళ్లకు అది సొంత మాట లాగే అనిపిస్తుంది.

మనం తాలింపుకు అట్లా కొత్త మాట కుట్టలేదు. ఉన్న మాటల్లో ఒకదాన్ని తెచ్చి తగిలించాం. ఇప్పుడు దాన్ని పీకేయాలని నేను చెప్పట్లేదు, ఊరంతా వాడే మాట పీకితే రాదు. కానీ రెండు పనులు చేయచ్చు. ఇంగ్లీషులో రాసేటప్పుడు తాలింపు అనే పేరునే ఉంచి, పక్కన ఒక్క వాక్యం పని చెప్పాలి. కాగిన నూనెలో దినుసులు ఒకదాని తర్వాత ఒకటి వేసి, ఆ నూనెతో సహా వంటలో పోయడం అని. మొదట్లోనా, చివర్లోనా అనేది కూడా రాయాలి, ఎందుకంటే టెంపర్ అనే మాట ఆ సంగతి చెప్పదు.

రెండోది తెలుగు కోసం. ఇంట్లో పెద్దవాళ్ల వంట ఫోన్‌లో రికార్డు చేస్తుంటారు కదా. రాసుకునేటప్పుడు వాళ్లు అన్న క్రియనే రాసుకోండి. గోలించు అంటే గోలించు అనే రాయండి, ఫ్రై అని దిద్దకండి. ఆ మాట పక్కన మూడు సంగతులు అడిగి రాయండి. నూనె ఉందా లేదా, మంట ఎంత, ఎప్పుడు ఆపాలో ఏ గుర్తు చూసి తెలుసుకుంటరు. సరుకుల కొలతలు మీకు ఎక్కడైనా దొరుకుతయి. పసుపు దగ్గర నురుగు, వాసన, పుల్ల గుచ్చడం లాగా, పోపు దగ్గర ఒక్క ఆవగింజ లాగా, ఆ గుర్తులు మాత్రం వాళ్లను అడిగితేనే దొరుకుతయి.

మీ ఇంట్లో తాలింపు అంటారా, పోపు అంటారా, తిరగమోత అంటారా, ఆ మాటకు ఏ ఊరు తగిలి ఉందో ఒకసారి మీ అమ్మమ్మనో నానమ్మనో అడిగి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో ఊరగాయల మాటలు పట్టుకుందాం. ఉంటాను మరి, నమస్తే.